నారాయణగూడ మిఠాయి కొట్టు కొండాపూర్ వెళ్లాలంటే బ్రాండ్ ఆడిట్ అవసరమా?

మూడోతరం: తాతయ్య 1971లో నారాయణగూడలో పెట్టిన మిఠాయి దుకాణం మాది. నాన్న, బాబాయి కలిసి నడిపారు. తర్వాత విడిపోయారు. బాబాయి మలక్‌పేటలో అదే పేరుతో కొట్టు పెట్టుకున్నారు. ఇప్పుడు కొండాపూర్‌లో ఒక శాఖ తెరవాలని నా ఆలోచన. ఒక సంస్థ బ్రాండ్ ఆడిట్ చేసి, లోగో, డబ్బాలు, బోర్డు అన్నీ కొత్తగా చేసిస్తామంటోంది. నాలుగు లక్షలట. నాన్నేమో "మన పేరు ఊరందరికీ తెలుసు, ఆడిట్ దేనికి?" అంటున్నారు. శాఖ తెరిచే ముందు ఇది అవసరమా?

లెక్కల శాస్త్రి: టర్నోవరు ఎంతో చెప్పలేదు. ఆడిట్ తప్పనిసరా కాదా అన్నది దాన్ని బట్టి ఉంటుంది. ఏదైనా నాలుగు లక్షలు చాలా ఎక్కువ, మీ సీఏను మార్చండి.

వేమవరం సుభద్ర: శాస్త్రిగారూ, ఖాతా పుస్తకాల ఆడిట్ కాదండీ. జనం మనసులో ఆ దుకాణం పేరుకు ఉన్న విలువ ఎంతో చూసే పని.

లెక్కల శాస్త్రి: అలాగా. అయితే ఒక మాట మాత్రం పనికొస్తుంది. ఆహార భద్రత లైసెన్సు ఒక చిరునామాకు ఇచ్చింది ఇంకో చిరునామాకు చెల్లదు. కొండాపూర్‌కు విడిగా తీసుకోవాలి.

బేకరీవాలా: నా మాట వినండి, ఆ సంస్థ జోలికి పోకండి. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఇలాగే ఎవరి మాటో విని ఎర్ర బోర్డు తీసేసి నల్ల బోర్డు, బంగారు అక్షరాలు పెట్టించాం. పాత గిరాకీ లోపలికి వచ్చి "చేతులు మారిందా బాబూ?" అని అడగడం మొదలుపెట్టారు. బిస్కట్లు అవే, భట్టీ అదే, అయినా రుచి మారిందన్నారు! ఆడిట్ అంటే చివరికి బోర్డు మార్చడమే.

వేమవరం సుభద్ర: బోర్డు మార్చడం వైద్యం, ఆడిట్ పరీక్ష. పరీక్ష చేయకముందే మందు ధర చెప్పే సంస్థను నమ్మవద్దు, అంతవరకు మీతో ఏకీభవిస్తాను. కానీ పరీక్ష మానేయమనడం తప్పు. మూడోతరం గారూ, ముఖ్యమైన భాగం మీరే చేసుకోవచ్చు.

బిల్లు కొట్టే అబ్బాయి ప్రతి కొనుగోలుదారునూ రెండే ప్రశ్నలు అడగాలి: ఏ పేట నుంచి వచ్చారు, దేనికోసం కొంటున్నారు? జవాబును బిల్లు నకలు వెనక రాస్తే చాలు. దసరా, దీపావళి రోజుల్లో అడగవద్దు. అప్పుడు ప్రతి కొట్టూ కిటకిటలాడుతుంది, ఆ రద్దీ మీ పేరు గురించి ఏమీ చెప్పదు. మామూలు వారం ఒకటి, ముహూర్తాలున్న వారం ఒకటి తీసుకోండి. తర్వాత బిల్లులను రెండు కట్టలు చేయండి. నడిచి వచ్చేంత దూరంలో ఉన్నవాళ్లు ఒక కట్ట. వాళ్లు ఆ వీధి గిరాకీ, కొట్టుతో పాటు కొండాపూర్ రారు. దారిలో నాలుగైదు మిఠాయి దుకాణాలు దాటి మీ దగ్గరికి వచ్చినవాళ్లు రెండో కట్ట. మీ పేరుకున్న అసలు బలం ఆ కట్టలోనే ఉంటుంది.

విజయవాడలో ఒక పాత కొట్టుకు ఇలాగే చేశాం. యజమాని తన పేరంతా నేతి మైసూర్‌పాక్ మీదే నిలిచిందనుకున్నారు. గల్లాపెట్టె లెక్కలో కూడా అదే మొదటిది. తీరా దూరపు కట్ట విప్పితే మైసూర్‌పాక్ ఎక్కడో అడుగున ఉంది. వాళ్లలో ఎక్కువమంది వచ్చింది పెళ్లి సారె కోసం: సున్నుండలు, అరిసెలు, కాజాలు, పెద్ద లడ్డూలు. మైసూర్‌పాక్ కొన్నది వీధివాళ్లు, సాయంత్రం ఇంటికి వెళ్తూ. పెద్ద హాలు, కుర్చీలు, చాట్ బండి అనుకున్న కొత్త శాఖను ఆయన మానుకున్నారు. సారె నమూనాలు పెట్టి ఆర్డర్లు తీసుకునే చిన్న గది తెరిచారు. సున్నుండలు, అరిసెలు నిల్వ ఉంటాయి కాబట్టి పాత వంటశాల నుంచే పంపారు. అదే కలాకండ్ అయితే రోజూ నగరం దాటించి తాజాగా అమ్మడం పెద్ద తలనొప్పి అయ్యేది.

మూడోతరం: మాకు పేరు తెచ్చింది బాదం హల్వా అని నాన్న నమ్మకం. అది నిజమో కాదో ఎలా తేలుతుంది?

వేమవరం సుభద్ర: మీ హల్వా, పక్కన ఉన్న రెండు కొట్ల హల్వా, మూడూ ఒకేలాంటి తెల్ల డబ్బాల్లో పెట్టి అంకెలు వేయండి. మీ పాత గిరాకీకే తినిపించి ఏది మీదో చెప్పమనండి. గుర్తుపట్టలేకపోతే వాళ్లు కొంటున్నది రుచి కాదు, అలవాటు. అలవాటు కొండాపూర్‌లో పనిచేయదు. మీ మాస్టరు సెలవు పెట్టిన రోజు చేసిన హల్వాను కూడా ఇలాగే పరీక్షించండి. ఆయన చేసినదానికీ దానికీ తేడా తెలిసిపోతే, పేరు మీ దుకాణంలో కాదు, ఆయన చేతిలో ఉంది. శాఖ కంటే ముందు ఆయన దగ్గర ఇంకొకరు పని నేర్చుకోవాలి.

ఐటీ అల్లుడు: సుభద్ర గారి పద్ధతిలో ఒక లోపం ఉంది. కౌంటరు దగ్గర అడిగితే వచ్చినవాళ్లే జవాబిస్తారు. రానివాళ్ల సంగతి? నేను కొండాపూర్‌లోనే ఉంటాను. మా భవనంలో సగం మంది వేరే రాష్ట్రాలవాళ్లు, నారాయణగూడ ఎటువైపో కూడా తెలియదు. 1971 అని బోర్డు మీద రాస్తే వాళ్లకేం?

వేమవరం సుభద్ర: ఒప్పుకుంటాను. అక్కడా అడగాలి, కానీ ముందుగా మీ దుకాణం పేరు చెప్పకూడదు. "ఇంటికి పెద్దలొస్తే మిఠాయి ఎక్కడ తెస్తారు?" అని అడిగి, వాళ్లంతట వాళ్లు చెప్పిన పేర్లు రాసుకోవాలి. ఆ తర్వాతే మీ పేరు చెప్పి విన్నారా అని అడగాలి. పేరు చెబితే మొహమాటానికి చాలామంది "విన్నాం" అంటారు. రెండు జవాబుల మధ్య దూరం ఎంతో చూడండి.

ఐటీ అల్లుడు: ఎవరూ చెప్పకపోతే శాఖ మానుకోవాలా? అక్కడ కొత్తగా వచ్చి నిలదొక్కుకున్న కొట్లు లేవా? పాత పేరు లేకపోవడం అనర్హత కాదు.

వేమవరం సుభద్ర: కాదు. కానీ అప్పుడు మీరు పాత దుకాణాన్ని విస్తరించడం లేదు, కొత్తది పెడుతున్నారు. దానికి తగ్గ పెట్టుబడి, ఓపిక వేరు.

ఐటీ అల్లుడు: మాటల తేడా తప్ప నాకేమీ కనబడటం లేదు.

కోర్టు మెట్లు: ఇవన్నీ తర్వాత. పేరు ట్రేడ్‌మార్క్ చేశారా? ఎవరు ముందు రిజిస్టర్ చేస్తే పేరు వాళ్లదే. బాబాయిగారు చేసేసుకుంటే మీ బోర్డు దించాల్సిందే.

వేమవరం సుభద్ర: సగమే నిజం. 1999 చట్టంలోని 34వ సెక్షన్ ముందు నుంచీ వాడుతున్నవారిని కాపాడుతుంది, తర్వాత రిజిస్టర్ చేసుకున్నవారు వాళ్ల వాడకాన్ని ఆపలేరు. కానీ ఆ పాత వాడకాన్ని రుజువు చేసుకోవాలి: పాత బిల్లు పుస్తకాలు, లైసెన్సులు, తేదీ ఉన్న ప్రకటనలు. ఇక్కడ చిక్కేమిటంటే 1971 నుంచి వాడకం ఇద్దరు అన్నదమ్ములదీ. హల్దీరామ్ కుటుంబంలో ఢిల్లీ, కోల్‌కతా శాఖలు పేరు కోసం ఏళ్ల తరబడి కోర్టులో పోరాడాయి. మీ పంపకాల కాగితంలో పేరు గురించి ఏం రాసుకున్నారు?

మూడోతరం: ఇప్పుడే తీసి చూశాను. కొట్టు, కళాయిలు, అచ్చులు, రావలసిన బాకీలు, అన్నీ రాశారు. పేరు గురించి ఒక్క ముక్క లేదు. బాబాయితో మాట్లాడదామంటే నాన్న దసరా వెళ్లాక చూద్దాం అంటున్నారు.

బేకరీవాలా: అచ్చులు ఎవరికి వచ్చాయి?

మూడోతరం: సున్నుండలవి, కాజాలవి మాకు. లడ్డూ బూంది జల్లెళ్లు బాబాయికి.

కోర్టు మెట్లు: దసరా దాకా ఆగకండి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు బాబాయిగారు ముందు వేస్తే, దాన్ని ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటించాక అభ్యంతరం చెప్పడానికి మీకు నాలుగు నెలలే ఉంటాయి.

వేమవరం సుభద్ర: దరఖాస్తు కంటే ముందు బాబాయిగారికి ఫోను చేయండి. ఇద్దరూ కలిసి సంతకం చేసిన ఒక్క కాగితం ఉంటే కొండాపూర్‌లో గది అద్దెకు తీసుకోవచ్చు. అది లేకుండా అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.