ఫోన్ హోల్డర్‌తో చంద్రుడి ఫోటో: ఫోకస్ ఎలా కుదర్చాలి?

70 మి.మీ. లెన్సు, 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న టెలిస్కోపుకి ఫోన్ హోల్డర్ బిగించి అష్టమి చంద్రుణ్ణి తీస్తున్నాను. ఆటోలో తీస్తే తెల్లటి ముద్దే! 25 మి.మీ. ఐపీస్‌తో, ప్రో మోడ్‌లో ISO 100, షట్టర్ 1/250 పెడితే వెలుగూ చీకటీ కలిసేచోట గుంటలు బాగానే వస్తున్నాయి.

చిక్కల్లా 10 మి.మీ. ఐపీస్‌తోనే. బొమ్మ పెద్దదై మసకబారడంతో షట్టర్ 1/40కి దించాల్సి వస్తోంది. ఫోకస్ నాబ్ ముట్టుకుంటే చాలు, చంద్రుడు ఊగిపోతాడు. టైమర్ పెట్టే తీస్తున్నాను, అయినా ఫోటోని జూమ్ చేస్తే గుంటల అంచులు మెత్తగా ఉంటున్నాయి.

ఫోన్ ఫోకస్‌ని అనంతం దగ్గర లాక్ చేసి నాబ్‌తోనే సరిచేయాలా, లేక చివర్లో ఫోన్ స్లైడర్ జరపాలా? ISO 400కి పెంచి షట్టర్ వేగం పెంచడం నయమా? తప్పు ఫోకస్‌దా, ఊపుదా, పైన గాలి కదలికదా అన్నది ఫోటో చూసి ఎలా పోల్చుకుంటారు?