ప్యాడింగ్ ఒరాకిల్ ల్యాబ్: చివరి బ్లాక్ ఒక్కటే మొండికేస్తోంది

చివరిబెంచి
సీబీసీ మోడ్, 16 బైట్ల బ్లాకులు, పీకేసీఎస్ 7 ప్యాడింగ్. సైఫర్‌టెక్స్ట్ పంపితే ప్యాడింగ్ సరిగ్గా ఉందో లేదో మాత్రమే సర్వర్ చెబుతుంది. మధ్య బ్లాకులన్నీ చక్కగా బయటపడ్డాయి. చివరి బ్లాక్‌లో మాత్రం ఆఖరి బైట్ 01 అని వస్తోంది. దాని ఎడమ బైట్‌కి 256 విలువలూ పెట్టి చూశాను, ఒక్కటీ తగల్లేదు. రేపే సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.

```
for g in range(256):
    t = prev[:15] + bytes([g])
    if oracle(t + blk):
        break
```

మిర్చిబజ్జి
కీ 256 బిట్లదేమో బ్రో. 128 పెట్టి చూడు.

పాతకాపు
కీ ఎంతైనా ఈ దాడికి ఒకటే. మనకు కీ ఎప్పటికీ తెలియదు, అవసరం కూడా లేదు. బ్లాక్‌కి ఎక్కువలో ఎక్కువ 16 సార్లు 256, అంటే 4096 ప్రశ్నలు. సగటున అందులో సగం.

చివరిబెంచీ, ఆ చివరి బ్లాక్ ముందున్న సైఫర్‌టెక్స్ట్ బ్లాక్‌లో ఆఖరి బైట్ ఎంత? చివరి బ్లాక్‌లో అసలు సందేశం ఎన్ని బైట్లు?

చివరిబెంచి
3a అండీ. సందేశం 12 బైట్లు అని ల్యాబ్ షీట్‌లో ఉంది.

పాతకాపు
అయితే దొరికింది. 12 బైట్లంటే ప్యాడింగ్ 04 04 04 04. డీక్రిప్ట్ అయి, ఇంకా ఎక్సార్ కాని బైట్ 3a ^ 04 = 3e. మీకు కావలసిన g విలువ 3e ^ 01 = 3f. కానీ 00 నుంచి పైకి వెళ్తుంటే 3f కన్నా ముందే 3a వస్తుంది. అది మీరు ముట్టుకోని అసలు బైటే! ప్యాడింగ్ ఎప్పటిలాగే 04 04 04 04, సర్వర్ నిజాయితీగా "సరే" అంది. మీరు దాన్ని 01 అనుకున్నారు.

ఆ తప్పు తర్వాతి అడుగులో బయటపడింది. ఎక్సార్ కాని బైట్ 3a ^ 01 = 3b అనుకుని, 3b ^ 02 = 39 పెట్టారు. నిజంగా అక్కడ వచ్చేది 3e ^ 39 = 07. ఇక చివరి ఏడు బైట్లూ 07 అయితే తప్ప సర్వర్ ఒప్పుకోదు, అందులో రెండు ఇంకా 04 గానే ఉన్నాయి. 256లో ఒక్కటీ తగలకపోవడం ఈ పొరపాటుకి గుర్తు.

మందు ఒక్క అదనపు ప్రశ్న. ఎడమ బైట్ మార్చి మళ్లీ అడగండి. నిజంగా 01 అయితే పక్క బైట్ ఏమైనా పట్టదు. 04 అయితే చెడిపోతుంది.

```
    if oracle(t + blk):
        u = t[:14] + bytes([t[14] ^ 1]) + t[15:]
        if oracle(u + blk):
            break
```

కాఫీ_రెండుకప్పులు
ఇదంతా సర్వర్ రెండు రకాల ఎర్రర్లు ఇస్తేనే కదా. మా ఆఫీసులో పాస్‌వర్డ్ రీసెట్ లింకులోని టోకెన్ సీబీసీలోనే ఉండేది. ప్యాడింగ్ తప్పితే 500, లోపలి డేటా తప్పితే లాగిన్ పేజీ. టెస్టింగ్‌లో ఒకమ్మాయి పట్టుకుంది. రెండింటికీ ఒకే పేజీ పెట్టేశాం, అంతటితో అయిపోయింది.

పాతకాపు
సగమే అయిందండీ. పేజీ ఒకటే, పట్టే సమయం ఒకటేనా? 2013లో అల్ఫర్దాన్, పాటర్సన్ బయటపెట్టిన లక్కీ థర్టీన్ సరిగ్గా ఇక్కడే దెబ్బ కొట్టింది. టీఎల్ఎస్‌లో ఎర్రర్ ఒకటే చేశారు, ప్యాడింగ్ తప్పైనా మ్యాక్ లెక్క కట్టేవారు. కానీ ప్యాడింగ్ ఎంత తీసేశారన్నదాన్ని బట్టి హ్యాష్ చేయాల్సిన డేటా పొడవు మారేది, దాంతో సమయమూ కొద్దిగా మారేది. ఆ కొద్ది తేడా చాలింది.

తమాషా ఏమిటంటే, ఓపెన్ఎస్ఎస్ఎల్ దీన్ని సరిచేసేటప్పుడు ఏఈఎస్-ఎన్ఐ కోడ్‌లో, మ్యాక్‌కీ ప్యాడింగ్‌కీ కలిపి సరిపడా బైట్లు ఉన్నాయా అన్న తనిఖీ ఎగిరిపోయింది. 2016లో CVE-2016-2107 పేరుతో మరో ప్యాడింగ్ ఒరాకిల్ బయటపడింది. మందే కొత్త జబ్బు తెచ్చింది.

కాఫీ_రెండుకప్పులు
ఇంటర్నెట్ మీద అంత చిన్న తేడా ఎవరు కొలుస్తారండీ?

పాతకాపు
ఒకే ప్రశ్న వేలసార్లు పంపి కొలుస్తారు. మీ సర్వర్ విషయంలో కుదురుతుందా అంటే, కొలవకుండా నేనూ చెప్పలేను. అయినా కొలిచే పని పెట్టుకోవడమెందుకు? ఎన్‌క్రిప్ట్ చేశాక సైఫర్‌టెక్స్ట్ మీద, ఐవీని కూడా కలిపి, మ్యాక్ వేయండి. ముందు మ్యాక్ చూసి, తప్పైతే డీక్రిప్షన్ దాకా వెళ్లకుండా తిప్పి పంపండి. మార్చిన బ్లాక్ ప్యాడింగ్ దాకా చేరనే చేరదు.

కాఫీ_రెండుకప్పులు
మరి ఇప్పటికే మెయిల్లో వెళ్లిన పాత టోకెన్లకి మ్యాక్ లేదే. వాటి కోసం పాత దారి తెరిచి ఉంచితే...

మిర్చిబజ్జి
తెరిచి ఉంచితే దొంగ కూడా అదే దారిలో వస్తాడు బ్రో.

చివరిబెంచి
వచ్చేసిందండీ! 04 నాలుగుసార్లు, ఆ తర్వాత మిగతా 12 బైట్లూ. ఒక్కటి అర్థం కాలేదు. మా రూమ్మేట్ స్క్రిప్ట్‌లో ఈ రెండో ప్రశ్న లేదు, prev బదులు అన్నీ సున్నాలు పెట్టాడు. వాడికి చివరి బ్లాక్ మొదటిసారే వచ్చేసింది, మధ్యలో ఒక బ్లాక్ మాత్రం చెడిపోయింది. నాకేమో మధ్యవన్నీ బాగానే వచ్చాయి.

పాతకాపు
మీరు అసలు prev వాడారు కాబట్టి ఎడమ బైట్‌లో ఎప్పుడూ మామూలు అక్షరమే ఉంటుంది, 02 ఉండదు. అందుకే మధ్యలో ఇబ్బంది రాలేదు. సున్నాలు పెడితే అక్కడ ఏ విలువైనా రావచ్చు. 256లో ఒక్కసారి అది 02 అవుతుంది, అప్పుడు 02 02 కూడా సరైన ప్యాడింగే. మీ రూమ్మేట్‌కి ఆ ఒక్కసారి తగిలి ఉంటుంది. ఆ బ్లాక్ హెక్స్ ఇక్కడ పెట్టమనండి, చూద్దాం.