జేపెగ్‌ట్రాన్‌తో క్రాప్ చేస్తే ఎడమ అంచు, పై అంచు ఎందుకు జరుగుతున్నాయి?

నంది_నీడ

వికీమీడియా కామన్స్‌లో పెట్టడానికి లేపాక్షి నంది ఫొటో ఒకటి క్రాప్ చేస్తున్నాను. ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే మళ్లీ కంప్రెస్ అవుతుందని, నాణ్యత పోకుండా అంటే లాస్‌లెస్‌గా క్రాప్ చేసే jpegtran వాడాను. అసలు ఫొటో 4000x3000. నేను ఇచ్చిన కమాండ్ ఇది:

```
jpegtran -copy all -crop 1200x800+1003+517 nandi.jpg > nandi2.jpg
```

వచ్చిన ఫైల్ కొలత 1211x805. ఎర్రర్ లేదు, హెచ్చరిక కూడా లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కుడి అంచు, కింది అంచు నేను చెప్పిన చోటే ఉన్నాయి. ఎడమ పక్క 11 పిక్సెళ్లు, పైన 5 పిక్సెళ్లు మాత్రం ఎక్కువ వచ్చాయి. ఈ 11, 5 ఎక్కడి నుంచి వచ్చాయి? రెండు అంచులే ఎందుకు జరిగాయి?

కడలి_అల

జేపెగ్‌లో బొమ్మంతా 8x8 గళ్లుగా ఉంటుందండి. గడి మధ్యలో కోయడం కుదరదు కాబట్టి 8 గుణిజానికి వెనక్కి జరుపుతుంది. నా ఫైళ్లలో ఎప్పుడూ అంతే, 7 పిక్సెళ్లకు మించి జరగడం చూడలేదు. మీ 517 దగ్గర లెక్క సరిపోయింది, 512కి వెళ్లింది. కానీ 1003 వెళ్లాల్సింది 1000కి, అంటే 3 పిక్సెళ్లే. 11 ఎలా వచ్చిందో నాకూ అర్థం కాలేదు. కమాండ్‌లో అంకె ఏమైనా తేడా పడిందేమో చూడండి.

పాతపేజీలు

అంకె సరిగ్గానే ఉంది. ఇద్దరూ మీ మీ ఫైళ్ల మీద ఇది నడిపి చూడండి:

```
exiftool -YCbCrSubSampling nandi.jpg
```

నంది_నీడ గారి ఫైల్‌కి 4:2:0 అని, కడలి గారి ఫైళ్లకి 4:4:4 అని వస్తుందని నా అంచనా. 4:2:0లో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది. రంగు సమాచారం మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాస్తారు. అందువల్ల రంగుకి చెందిన ఒక్క 8x8 బ్లాక్ తెర మీద 16x16 పిక్సెళ్లను కప్పుతుంది. అలాంటి రంగు బ్లాకులు రెండు, Cb ఒకటి, Cr ఒకటి, వాటి కింద వచ్చే నాలుగు వెలుగు బ్లాకులు కలిసి ఒక కట్టగా ఫైల్‌లో ఉంటాయి. jpegtran కట్టను విడదీయదు, కట్టల సరిహద్దు దగ్గరే మొదలుపెడుతుంది.

1003 కన్నా ముందున్న 16 గుణిజం 992, అంటే 11 పిక్సెళ్ల తేడా. 517కి ముందున్నది 512, అంటే 5. అక్కడ 512 అటు 8కీ ఇటు 16కీ గుణిజం కావడంతో కడలి గారి లెక్క కుదిరినట్టు కనిపించింది. 4:2:2 అయితే కట్ట 16 వెడల్పు, 8 ఎత్తు ఉంటుంది, అప్పుడు రెండు దిక్కులకీ లెక్క వేరు.

గడి మధ్యలో ఎందుకు కోయలేమంటే, ఫైల్‌లో పిక్సెళ్లు లేవు. ఒక్కో బ్లాక్‌కి 64 గుణకాలు ఉంటాయి, ప్రతి గుణకం ఆ బ్లాక్‌లోని 64 పిక్సెళ్లన్నిటికీ చెందుతుంది. ఎడమ నుంచి మూడు వరసలు తీసెయ్యాలంటే తీసెయ్యడానికి విడిగా ఏమీ లేదు. బ్లాక్‌ని పిక్సెళ్లుగా విప్పి, పక్క బ్లాక్ నుంచి మూడు వరసలు తెచ్చి కలిపి, కొత్త 64 గుణకాలు లెక్కగట్టి, వాటిని మళ్లీ క్వాంటైజ్ చేసి పూర్ణాంకాలకు సవరించాలి. ఆ సవరింపులోనే నాణ్యత పోతుంది. మీరు వద్దనుకున్నది సరిగ్గా అదే కదా.

కడలి_అల

నిజమే, నావి 4:4:4 అనే వచ్చింది. నేను రా ఫైళ్ల నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినవి అవి. ఫోన్‌లో తీసినది ఒకటి చూస్తే 4:2:0 అంది.

సిరి_2001

అన్నా, నాకూ ఇదే సమస్య. ఉద్యోగం అప్లికేషన్‌కి ఫొటో 50 కేబీ లోపు ఉండాలంట, నాది 180 ఉంది. ఈ కమాండ్‌తో తగ్గుతుందా?

పాతపేజీలు

సిరీ, నీకు కావలసింది ఇది కాదమ్మా. క్రాప్ చేస్తే చుట్టూ పోయిన భాగం మేరకే సైజు తగ్గుతుంది, మిగిలినదాని నాణ్యత అలాగే ఉంటుంది. నువ్వు ఏదైనా ఎడిటర్‌లో కొలత తగ్గించి, క్వాలిటీ 80 దగ్గర సేవ్ చేసి చూడు. 50 లోపు రాకపోతే ఇంకాస్త తగ్గించు.

నంది_నీడ

ఎడమ, పైన సంగతి తెలిసింది. మరి కుడి అంచు 2203 దగ్గర ఆగింది. అది 16 గుణిజం కాదు కదా, అక్కడ కట్ట మధ్యలో ఎలా కోసింది?

పాతపేజీలు

కోయలేదు. మీ బొమ్మ 992 దగ్గర మొదలై 1211 వెడల్పు. ఫైల్‌లో ఉన్నవి అడ్డంగా 76 కట్టలు, అంటే 1216 పిక్సెళ్లు. చివరి కట్ట మొత్తం ఫైల్‌లోనే ఉంది. హెడర్‌లో వెడల్పు 1211 అని రాసి ఉంది కాబట్టి, తెరిచే ప్రోగ్రామ్ చివరి 5 వరసలను చూపించకుండా వదిలేస్తుంది. కింద కూడా అంతే: 805కి 51 కట్టలు కావాలి, అవి 816 పిక్సెళ్లు, మిగిలిన 11లో కొన్ని వరసలు దాగి ఉన్నాయి. పటం కట్టినప్పుడు ఫొటో అంచు చట్రం వెనక్కి పోయినట్టు అనుకోండి.

జేపెగ్ హెడర్‌లో వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అని రాసుకునే చోటు ఉంది. ఎడమ నుంచి ఎన్ని పిక్సెళ్లు వదలాలో, పైనుంచి ఎన్ని వదలాలో రాసే చోటు లేదు. అందుకే సర్దుబాటు ఎప్పుడూ ఎడమ, పై అంచుల మీదే పడుతుంది.

గోదారి_గట్టు

ఈ దాగిన వరసల సంగతి తేలిగ్గా తీసుకోకండి. హెడర్‌లో వెడల్పు 1211ని 1216గా మారిస్తే ఆ 5 వరసలు బయటపడతాయి, హెక్స్ ఎడిటర్ ఉన్నవాళ్లు ఎవరైనా చేయగలరు. స్కాన్ చేసిన కాగితం మీద పక్కనున్న సంతకమో నంబరో కనపడకూడదని క్రాప్ చేసేవాళ్లకి ఇది ముఖ్యం.

దానికన్నా పెద్దది ఇంకోటి. `-copy all` ఇచ్చారు కదా, కెమెరా ఫైల్‌లో రాసిపెట్టే వివరాలు, అంటే ఎగ్జిఫ్ మొత్తం వస్తుంది. ఎగ్జిఫ్ లోపల కెమెరా పెట్టిన చిన్న థంబ్‌నెయిల్ ఉంటే అదీ వస్తుంది. అది క్రాప్ చేయని పూర్తి ఫొటో! ఒకసారి బయటికి తీసి చూడండి:

```
exiftool -b -ThumbnailImage nandi2.jpg > t.jpg
exiftool -ThumbnailImage= nandi2.jpg
```

మొదటిది చూపిస్తుంది, రెండోది తీసేస్తుంది. నంది ఫొటోకి దీనివల్ల నష్టం లేదు. పక్కన నిలబడిన మనుషుల్ని తప్పించడానికి క్రాప్ చేస్తే మాత్రం తప్పక చూసుకోవాలి.

నంది_నీడ

థంబ్‌నెయిల్‌లో నిజంగానే చుట్టుపక్కలంతా, సందర్శకులతో సహా కనిపిస్తోంది. తీసేశాను. దాగిన వరసలు కూడా వద్దనుకుంటే?

పాతపేజీలు

మొదలూ చివరా రెండూ 16 మీద పడేట్టు ఎంచుకోండి. మీకు ఇది సరిపోతుంది:

```
jpegtran -copy all -crop 1200x800+992+512 nandi.jpg > nandi3.jpg
```

1200 అంటే 75 కట్టలు, 800 అంటే 50. ఏమీ దాగదు. అయితే కుడివైపు 11, కింద 5 పిక్సెళ్లు మీ ఫ్రేములో తగ్గుతాయి. మీ పాత అంకెలకే `1200fx800f+1003+517` అని ఎఫ్ తగిలించినా ఇదే ఫలితం వస్తుంది, ఎందుకంటే ఎఫ్ ఉంటే అడిగిన కొలత మార్చకుండా మొదలు మాత్రం జరుపుతుంది. కొలత తప్పకూడని చోట్ల కొందరు ఎఫ్ వాడతారు. నాకు నచ్చదు, కావలసినది ఏ పక్క పోయిందో తెలియకుండా పోతుంది.

మల్లె_తీగ

నా దగ్గర తిరగబడింది! ఫోన్‌లో నిలువుగా తీసిన ఫొటో. ఎడమ అంచు, కింది అంచు సరిగ్గా ఉన్నాయి. పైన 4, కుడివైపు 8 పిక్సెళ్లు ఎక్కువ వచ్చాయి. కమాండ్ `-crop 2000x1500+900+1000`. ఫొటో అడ్డంగా స్టోర్ అయిందని చూసి అంకెలు నేనే తిప్పి ఇచ్చాను. మీ సూత్రం ప్రకారం కుడి అంచు జరగకూడదు కదండీ?

పాతపేజీలు

మంచి ఉదాహరణ. మీ ఫైల్‌లో ఓరియెంటేషన్ ట్యాగ్ 6 ఉండాలి. ఫోన్ బొమ్మని 4000x3000గా అడ్డంగా దాచి, చూపించేటప్పుడు గడియారం దిశలో పావు చుట్టు తిప్పమని ట్యాగ్ పెడుతుంది. jpegtran ఆ ట్యాగ్‌ని పట్టించుకోదు, దాచిన బొమ్మ మీదే పనిచేస్తుంది. దాచిన బొమ్మలో 900 వెళ్లింది 896కి, 4 పిక్సెళ్లు ఎడమవైపు పెరిగాయి. 1000 వెళ్లింది 992కి, 8 పిక్సెళ్లు పైన పెరిగాయి. తిప్పి చూపిస్తే ఎడమ అంచు పైకి వస్తుంది, పై అంచు కుడికి వస్తుంది. మీరు చూసింది అదే.

మీలా అంకెలు తిప్పకుండా తెర మీద చూసిన అంకెలే ఇస్తే క్రాప్ పూర్తిగా వేరే చోట పడుతుంది. ముందే `-rotate 90`తో తిప్పేద్దామన్నా చిక్కే: 3000ని 16తో భాగిస్తే 8 మిగులుతుంది, ఆ 8 వరసల సగం కట్ట ఇప్పుడు కుడి అంచుకి వచ్చి సరిగా తిరగదు. `-trim` ఇస్తే ఆ 8 వరసలు పోతాయి. ఐఫోన్ 4032x3024కి ఈ బాధ లేదు, రెండూ 16తో నిశ్శేషంగా భాగింపబడతాయి.

కడలి_అల

ఇంకో సందేహం. లాస్‌లెస్ అన్నారు కదా అని అసలు ఫొటోలో అదే భాగాన్ని, క్రాప్ ఫైల్‌నీ పిక్సెల్ పిక్సెల్ పోల్చాను. 4:2:0 ఫైల్‌లో ఎడమ చివరి నిలువు వరస, పై చివరి అడ్డ వరసల్లో రంగు కొంచెం తేడా వస్తోంది. మిగతాదంతా సున్నా. అంటే కొంత నష్టం ఉన్నట్టే కదా?

పాతపేజీలు

గుణకాల్లో తేడా లేదు. సగం చేసిన రంగుని తెరిచేటప్పుడు మళ్లీ పెద్దది చేయాలి, అప్పుడు జేపెగ్‌ని విప్పే లైబ్రరీ లిబ్‌జేపెగ్-టర్బో పక్క రంగు విలువని కూడా కొంత కలిపి నునుపు చేస్తుంది. క్రాప్ తర్వాత ఎడమ అంచుకి పక్కవాడు లేడు. ఆ నునుపు ఆపేసి పోల్చండి:

```
djpeg -nosmooth nandi.jpg > a.ppm
djpeg -nosmooth nandi2.jpg > b.ppm
convert a.ppm -crop 1211x805+992+512 +repage c.ppm
compare -metric AE c.ppm b.ppm null:
```

సున్నా రావాలి.

కడలి_అల

సున్నా వచ్చింది.

గోదారి_గట్టు

అయినా బ్రౌజర్‌లో చూసేవాడికి ఆ ఒక్క వరస మారినట్టే కదా. లెక్క ప్రకారం లాస్‌లెస్, కంటికి దాదాపు లాస్‌లెస్ అంటాను నేను. ఇంత సర్దుబాటుకన్నా అసలు ఫైల్ భద్రంగా ఉంచుకుని, క్రాప్‌ని 95 క్వాలిటీతో సేవ్ చేస్తే అంచు కోరిన చోటే పడుతుంది, దాగిన వరసలూ ఉండవు.

పాతపేజీలు

అసలు ఫైల్ మీ దగ్గరే ఉన్నప్పుడు సరే. కామన్స్‌లో చాలాసార్లు మనం క్రాప్ చేసేది ఇంకొకరు పెట్టిన జేపెగ్‌ని, దాన్ని మళ్లీ ఇంకొకరు క్రాప్ చేస్తారు. అక్కడి క్రాప్‌టూల్‌లో కూడా ఖచ్చితమైనది, లాస్‌లెస్ అని రెండు పద్ధతులు ఉన్నది ఇందుకే. 11 పిక్సెళ్ల రాతి గోడ ఎక్కువ కనిపించినా నేను రెండోదే నొక్కుతాను.

నంది_నీడ

నేను 1211x805దే ఎక్కిస్తున్నాను, మువ్వల పట్టీ కుడి అంచు పోకూడదు. మల్లె_తీగ గారూ, మీ అంకెలు తిప్పిన సూత్రం ఇక్కడ పెడతారా?

మల్లె_తీగ

ట్యాగ్ 6కి మాత్రమే ఇది: తెర మీద కనిపించే ఎత్తు వెడల్పు అవుతుంది, వెడల్పు ఎత్తు అవుతుంది. తెర మీద పైనుంచి దూరం మొదటి అంకె. 3000 లోంచి తెర మీద ఎడమ దూరం, వెడల్పు రెండూ తీసేస్తే వచ్చేది రెండో అంకె. నాకు ఎడమ 500, వెడల్పు 1500, అందుకే 1000. ట్యాగ్ 8 ఉన్న ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే వాటికి ఏ రెండు అంచులు జరుగుతాయో చూసి చెప్పండి.