బైకుల వెంటపడే మా కుక్కకు, బండికి మధ్య దూరాన్ని ఎలా తగ్గించాలి?

మేము బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాము. వీధి నుంచి తెచ్చి పెంచుకుంటున్న మా రెండేళ్ల ఆడకుక్క గేటు సందులోంచి తప్పించుకున్నప్పుడల్లా బైకులను తరిమేది. అది మొరిగినా మొరగకపోయినా బండి ముందుకు వెళ్లిపోతుంది కదా. తాను తరిమినందువల్లే వెళ్లిందని నమ్మడంతో, ప్రతి పరుగూ ఆ అలవాటును మరింత గట్టిపరచిందని నాకు అర్థమైంది. గత నెల ఒక డెలివరీ అబ్బాయి పడబోయి నిలదొక్కుకున్నాడు. ఆ భయం నన్ను ఇంకా వదలలేదు.

అప్పటి నుంచి గేటుకు జాలీ కట్టించి, మెడపట్టీకి కాక ఛాతీపట్టీకి తాడు తగిలించి మాత్రమే బయటకు తీసుకువెళుతున్నాను. బండి కనబడినా అది బిగుసుకోనంత దూరంలో, అంటే సుమారు 20 మీటర్ల అవతల నిలబడి, బండి కంటపడగానే ఉడికించిన చికెన్ ముక్క ఇస్తున్నాను. ఇప్పుడు బండిని చూసి తానే నా వైపు తిరుగుతోంది. అయితే 10 మీటర్లలోపు వస్తే చెవులు నిక్కబొడిచి, ముక్కను వాసన కూడా చూడదు.

మా వీధి వెడల్పే 6 మీటర్లు. దూరాన్ని ఎంతెంత చొప్పున తగ్గించాలి? ముందు ఆగి ఉన్న బండితో, తరువాత నెమ్మదిగా కదిలే బండితో సాధన చేయించడం మేలా? కొట్టి మాన్పించమని పక్కింటివారు అంటున్నారు కానీ, బండి వచ్చినప్పుడల్లా దెబ్బ పడితే దానికి బండి మీద మరింత పగ పెరుగుతుందని నా భయం. ఇటువంటి కుక్కను దారికి తెచ్చినవారు దయచేసి చెప్పగలరు.