20–50 రోజుల క్రాసోవర్: ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి, స్టాప్ ఎక్కడ?

లక్ష్మి: నిఫ్టీ ఈటీఎఫ్ డైలీ చార్టులో 20, 50 రోజుల మూవింగ్ యావరేజ్‌లు పెట్టుకున్నాను. 20 గీత పైకి దాటితే కొనాలి, కిందికి దాటితే అమ్మాలి, అంతవరకు తెలుసు. సరిగ్గా ఎప్పుడు, ఎన్ని యూనిట్లు? చేతిలో లక్ష ఉంది.

రమేష్: దాటిన మరుక్షణం కొనెయ్యండి, ఆలస్యమైతే రేటు పోతుంది. అమ్మడానికి కింది క్రాస్ ఉందిగా, ఇంకా స్టాప్‌లాస్ ఎందుకు?

సుధాకర్: కింది క్రాస్‌తో బయటికి రావడం సరే రమేష్ గారూ. మిగతా రెండూ దెబ్బకొడతాయి. ఈరోజు సగటు మార్కెట్ మూసేదాకా కదులుతూనే ఉంటుంది. 11 గంటలకు కనబడిన క్రాస్ మూడున్నరకి మాయమవ్వచ్చు.

లక్ష్మి గారూ, రూల్ ఇలా రాసుకోండి. నిన్నటి ముగింపుకి 20 సగటు 50 కంటే కింద, ఈరోజు ముగింపుకి పైన ఉంటే రేపు ఉదయం 9:15కి కొనాలి. నిన్న 20 సగటు 248.10, 50 సగటు 248.40, ఈరోజు 248.70, 248.50 అనుకోండి. అదీ క్రాస్. అమ్మకానికి ఇదే తిరగేసి.

స్టాప్ ఎందుకంటే, గీతలు ఆలస్యంగా తిరుగుతాయి. ధర ఒక్కసారిగా కూలితే కింది క్రాస్ వచ్చేలోపు చాలా పోతుంది. 14 రోజుల ఏటీఆర్ చూడండి, అంటే ధర రోజుకి సగటున ఎంత ఊగుతోందో చెప్పే లెక్క. అది 3 రూపాయలు ఉండి, మీరు 252కి కొంటే, రెండింతలు, అంటే 6 తీసేసి 246 దగ్గర స్టాప్. ఒక ట్రేడులో లక్షలో 1 శాతం, వెయ్యి రూపాయలే పోవాలనుకుంటే, వెయ్యిని 6తో భాగిస్తే 166 యూనిట్లు. పెట్టుబడి 41,832. స్టాప్‌ని తర్వాత కిందికి జరపకండి.

అనిత: ఒక మెలిక ఉంది. స్టాప్ ఆర్డర్‌లో ట్రిగ్గర్ 246, లిమిట్ 244 పెట్టారనుకోండి, అంటే 246 తగిలితే ఆర్డర్ మొదలవుతుంది, 244 కంటే తక్కువకి మాత్రం అమ్మదు. మర్నాడు 243 దగ్గర తెరుచుకుంటే ఆర్డర్ అలాగే ఉండిపోతుంది, అమ్మకం జరగదు. అప్పుడు 243కే అమ్మేసుకున్నా నష్టం 1,494. వెయ్యి అన్నది హామీ కాదు. ఇంకోటి, మామూలు స్టాప్ ఆర్డర్ ఆ రోజుతో రద్దవుతుంది. జీటీటీ, అంటే ట్రిగ్గర్ తగిలేదాకా రోజులు మారినా ఉండే ఆర్డర్, పెడితే నిలబడుతుంది.

ఖాజా: నేను 5 నిమిషాల చార్టులో ఇదే వాడుతున్నాను. రోజుకి నాలుగైదు క్రాస్‌లు, అన్నీ నష్టమే. ఏ సంఖ్యలు మార్చాలి?

సుధాకర్: సంఖ్యలు కాదు ఖాజా గారూ, ధర అడ్డంగా నడుస్తోంది. రెండు గీతలూ దాదాపు పడుకుని, ఒకదాన్నొకటి అల్లుకుంటుంటే ప్రతి క్రాసూ మోసమే. బ్రోకరేజీ, ఇతర చార్జీలు దానికి తోడు. లక్ష్మి గారి ప్రశ్న డైలీ చార్టుది, అక్కడా ఇది వస్తుంది, కాకపోతే అరుదుగా.

లక్ష్మి: స్టాప్ తగిలింది, కానీ 20 గీత ఇంకా పైనే ఉంది. మళ్ళీ కొనాలా?

సుధాకర్: కొనొద్దు. కిందికి దాటి, మళ్ళీ పైకి వచ్చేదాకా ఆగండి.

అనిత: అలా అయితే పెద్ద ర్యాలీ చేజారొచ్చు. స్టాప్ తగలకముందు వచ్చిన గరిష్ఠాన్ని దాటి ముగిస్తే మళ్ళీ కొనాలి అంటాను నేను.

సుధాకర్: అది ఇంకో రూల్ అవుతుంది, దానికి స్టాప్ మళ్ళీ కొత్తగా లెక్కెయ్యాలి. రెండూ పాత చార్టు మీద వేసి చూసుకుంటేగానీ తేలదు.