ఆకాశం నీలం, పొద్దు ఎరుపు: దుమ్ము వల్లనా, గాలి వల్లనా?

పాప నాన్న, అనంతపురం: పగలు ఆకాశం నీలంగా, సాయంత్రం ఎర్రగా ఎందుకుంటుందని మా పాప అడిగింది. గాలిలో దుమ్ము వల్ల అని చెప్పాను. కరెక్టేనా?

బండరాయి, తాడిపత్రి: కరెక్టే అన్నా. మా చేను పక్కనే రాళ్ల పాలిష్ యూనిట్లు. సాయంత్రం మా ఊరికొచ్చి చూడు, పొద్దు నెత్తురు ముద్ద మాదిరి ఉంటుంది.

చిన్నోడు, కడప: సముద్రం రంగు ఆకాశంలో కనిపిస్తుందని మా సార్ చెప్పినాడే?

సుజాత, కర్నూలు: కడపకు సముద్రం ఎంత దూరం తమ్ముడూ? అయినా ఆకాశం నీలమే కదా.

పాప నాన్నగారూ, వాన వెలిసిన మరునాడు ఆకాశాన్ని గుర్తు తెచ్చుకోండి. వాన దుమ్మునంతా కడిగేస్తుంది, అప్పుడే నీలం బాగా చిక్కబడుతుంది. దుమ్మే కారణమైతే ఆ రోజు నీలం తగ్గాలి. నీలాన్ని చెదరగొట్టేది గాలి అణువులే. 1899లో ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ తేల్చింది ఇదే. నీలం తరంగం పొట్టిది కాబట్టి ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది, అందుకే ఎటు చూసినా మన కంటికి నీలమే వస్తుంది.

ఇక సాయంత్రం సంగతి. దుమ్ము లేని గాలిలో, సూర్యుడు నడినెత్తిన ఉంటే 100 పాళ్ల నీలంలో 80 దాకా నేరుగా కిందికి దిగుతుంది, ఎరుపులో 95 దిగుతుంది. పొద్దు దిగంతానికి చేరాక వెలుగు దాదాపు 38 రెట్ల గాలిని దాటి రావాలి. ప్రతి రెట్టుకూ ఆ కోత మళ్లీ పడుతుంది. చివరికి ఎరుపు 100కి 14 మిగిలితే, నీలం 10,000కి 2 మిగులుతుంది.

లెక్కల మనిషి, నంద్యాల: మేడం, పొట్టి తరంగమే ఎక్కువ చెదిరితే ఊదా ఇంకా ఎక్కువ చెదరాలి. ఆకాశం ఊదాగా లేదే?

సుజాత, కర్నూలు: చెదురుతుంది. కానీ సూర్యుడి వెలుగులోనే ఊదా తక్కువ, మన కన్ను దాన్ని పట్టేదీ తక్కువ.

పాప నాన్న, అనంతపురం: మేడం, నీలం చెదరడం పాపకు చూపిద్దామని గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు పాలు పోసి ఫోన్ టార్చ్ వేశాను. అంతా తెల్లగానే ఉంది. పాప ముందు పరువు పోయింది.

సుజాత, కర్నూలు: పాలు ఎక్కువైనాయి సార్. మీగడ తీసిన పాలు మూడు చుక్కలు చాలు. గది చీకటి చేసి, గ్లాసు బదులు పొడవాటి సీసా పడుకోబెట్టి, అడుగు వైపు నుంచి టార్చ్ వేయండి. వెన్న బొట్లు పెద్దవి, అవి అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి, అందుకే తెలుపు. మేఘం తెల్లగా ఉండేదీ అందుకే. ముతక దుమ్ము పనీ అంతే.

బండరాయి, తాడిపత్రి: అంటే దుమ్ముతో ఏమీ కాదంటావా అక్కా? మా వేరుశనగ ఆకు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత తెల్ల పూత. పోయినేడు ఎర్ర పొద్దు ఫోటో తీసుకుని దుమ్ము మీద ఫిర్యాదుకు ఆఫీసుకు పోతే, "సాయంత్రం ఎరుపు ఎక్కడైనా ఉండేదేలే, పో" అని పంపించేసినారు. ఇప్పుడు నువ్వూ అదే మాట!

లెక్కల మనిషి, నంద్యాల: బండరాయి మాటలో కొంత నిజముంది. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలినాక ఎన్నో దేశాల్లో సాయంత్రాలు మండినట్టు ఎర్రబడినాయి. అది రేణువుల పనే కదా?

సుజాత, కర్నూలు: ఒప్పుకుంటాను. అంత సన్నని రేణువులు, పొగ లాంటివి, ఎరుపును పెంచుతాయి. దుమ్ము లేదని నేను అనలేదు తమ్ముడూ, నీ చేను గురించి నువ్వు చెప్పేది నమ్ముతున్నాను. ఎర్ర పొద్దు దానికి సాక్ష్యం కాదంటున్నాను, అంతే. శుభ్రమైన గాలిలోనూ పొద్దు ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఆఫీసువాళ్లు తప్పించుకున్నారు. మిట్టమధ్యాహ్నం చూడు. గోడ నీడలో నిలబడి సూర్యుణ్ణి గోడ అంచు చాటు చేసుకో, నేరుగా మాత్రం చూడొద్దు. ఆ అంచు పక్కన ఆకాశం నీలంగా ఉంటే గాలి శుభ్రం. సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తుంటే ముతక రేణువులున్నట్టు.

లెక్కల మనిషి, నంద్యాల: తేమ ఎక్కువైనా అలాగే తెల్లబడుతుంది మేడం. ఒక్క ఫోటోతో తేలదు.

సుజాత, కర్నూలు: నిజమే. యూనిట్లు నడిచే రోజు ఒకటి, ఆగిన రోజు ఒకటి, అదే గోడ దగ్గర అదే టైముకు తీయాలి. వారం పది రోజులు తీస్తే మేలు.

పాప నాన్న, అనంతపురం: మూడు చుక్కలతో వచ్చింది మేడం! పక్క నుంచి చూస్తే లేత నీలం, మూత వైపు నుంచి చూస్తే టార్చ్ నారింజ రంగులో ఉంది. పాప సీసా వదలడం లేదు.

బండరాయి, తాడిపత్రి: శుక్రవారం యూనిట్లకు సెలవు. ఆ రోజు పన్నెండింటికి ఒకటి తీస్తా, శనివారం అదే టైముకు ఇంకొకటి. కానీ అక్కా, మా ఊరి పొద్దు ఎరుపులో దుమ్ము వాటా లేదంటే మాత్రం నేను ఒప్పుకోను.