విరాళాల వీడియో కింద డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలి? గుంటూరు ట్యూషన్ సెంటర్ కోసం

రమ్య, బ్రాడీపేట: నమస్తే అండీ. మిర్చి యార్డు దగ్గర ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని హమాలీల పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెబుతున్నాం. మాది రిజిస్టరైన సొసైటీ. నాలుగు నిమిషాల వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టి పది రోజులైంది. తొమ్మిది వందల మంది చూశారు, వచ్చింది 3,500 రూపాయలు. “ఈ డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది?” అని ముగ్గురు కామెంట్ పెట్టారు. కింద నేను రాసింది ఇదీ:

“పేద పిల్లల భవిష్యత్తు కోసం మీ వంతు సాయం చేయండి. ప్రతి రూపాయీ విలువైనదే. లైక్ చేయండి, షేర్ చేయండి. ఫోన్ నంబర్ వీడియోలో ఉంది.”

దాని కింద ముప్పై హ్యాష్‌ట్యాగులు ఉన్నాయి. ఎక్కడ తేడా కొట్టింది?

కిరణ్, వీడియో ఎడిటర్: అక్కా, ముప్పై ఏం సరిపోతాయి? నేను పెళ్లి వీడియోలకు ఎనభై పెడతా. ట్రెండింగ్‌లో ఉన్న హీరో పేర్లు కూడా వేసెయ్, వ్యూస్ అవే వస్తాయి.

సుబ్బారావు, పటమట: కిరణ్ బాబూ, హ్యాష్‌ట్యాగులు 60 దాటితే యూట్యూబ్ అన్నింటినీ వదిలేస్తుంది. నీ ఎనభైలో ఒక్కటి కూడా పనిచేయట్లేదన్న మాట. పైన కనిపించేవి ఎలాగూ మూడే. సంబంధం లేని పేర్లు పెడితే వీడియోనే తీసేసే అవకాశం ఉంది.

రమ్య గారూ, నేను ఇక్కడ ఒక ట్రస్టు లెక్కలు చూస్తుంటాను. మీకు తేడా కొట్టింది ట్యాగుల దగ్గర కాదు. మీరు రాసిన దాంట్లో ఊరు పేరు లేదు, సొసైటీ పేరు లేదు, ఎంత కావాలో లేదు. చూసేవాళ్లకు “మరిన్ని” నొక్కకముందు కనిపించేది మహా అయితే మొదటి కొన్ని లైన్లే. ఆ లైన్లు మీరు “భవిష్యత్తు”కి ఇచ్చేశారు. అసలు ఖర్చులేమిటో చెప్పండి, కలిసి రాద్దాం.

రమ్య: పన్నెండు బెంచీలు, ఒక్కోటి 4,200. ఇన్వర్టర్, బ్యాటరీ కలిపి 24,000. కరెంటు పోతే పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతున్నారండీ. ఇద్దరు టీచర్లకు నెలకు మూడేసి వేలు ఇస్తాం గానీ, అది రాస్తే జీతాల కోసం అడుగుతున్నామనుకుంటారని వదిలేశాం.

సుబ్బారావు: అదే ముందు రాయండి. ఎవరికో ఒకరికి తర్వాత తెలిసి అడిగితే అప్పుడు దాచినట్టు అవుతుంది. పది నెలలకు 60,000. బెంచీలు 50,400, ఇన్వర్టర్ 24,000. మొత్తం 1,34,400. ఇప్పటికి చేతిలో ఎంత ఉంది?

రమ్య: వచ్చిన 3,500తో కలిపి 18,000.

సుబ్బారావు: అయితే కావలసింది 1,16,400. ఇలా మొదలుపెట్టండి:

“గుంటూరు మిర్చి యార్డు హమాలీల పిల్లల సాయంత్రం ట్యూషన్ కోసం 1,16,400 రూపాయలు కావాలి. బెంచీలకు 50,400, ఇన్వర్టర్‌కు 24,000, ఇద్దరు టీచర్లకు పది నెలల గౌరవ వేతనం 60,000. ఈ మొత్తం 1,34,400లో 18,000 ఇప్పటికే ఉంది.”

దీని తర్వాత చాలామంది మర్చిపోయే రెండు వాక్యాలు. “మొత్తం రాకపోతే ముందు బెంచీలు కొంటాం, తర్వాత ఇన్వర్టర్. ఎక్కువ వస్తే ఆ సొమ్ము వచ్చే ఏడాది గౌరవ వేతనానికే వాడతాం.” మాకు ఒకసారి అడిగిన దానికంటే ఎక్కువ వచ్చింది. మిగిలినదాన్ని ఏం చేయాలో ముందే రాయకపోవడం వల్ల కమిటీలో రెండు నెలలు గొడవ. ఆఖరున “ఈ తేదీ నాటికి ఇంత వచ్చింది” అని ఒక లైన్ పెట్టి వారానికోసారి మార్చండి. రోజూ మారుస్తామని మాత్రం రాయకండి, మార్చలేరు.

కిరణ్: సొసైటీ కదా, 80జి కింద పన్ను మినహాయింపు ఉందని వేస్తే ఇంకా ఎక్కువ ఇస్తారు.

సుబ్బారావు: సొసైటీ రిజిస్ట్రేషన్ వేరు, 80జి అనుమతి వేరు. అది ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల దగ్గర విడిగా తెచ్చుకోవాలి. ఉన్నా, 2,000 దాటిన నగదు విరాళానికి వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలు ఉపయోగపడదు. మీకు లేకపోతే “పన్ను మినహాయింపు లేదు” అని ఒక్క ముక్క రాస్తే ఫోన్లు తగ్గుతాయి.

నాగమణి, తెనాలి: మా అక్క కూతురి ఆపరేషన్ కోసం నేనూ షార్ట్ పెట్టానండీ. డిస్క్రిప్షన్‌లో లింకు ఇచ్చాను, నొక్కితే తెరుచుకోవట్లేదు. ఆ అమ్మాయి ఆధార్ కూడా పెడితే నమ్ముతారా?

సుబ్బారావు: అమ్మా, ఆధార్ పెట్టొద్దు, ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే తీసేయండి. షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి పనిచేయవు. పెద్ద వీడియో ఒకటి పెట్టి, షార్ట్‌కి దాన్ని సంబంధిత వీడియోగా జత చేయండి. నమ్మకానికి ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ చాలు, అందులో ఫోన్ నంబర్, అడ్రస్ కనిపించకుండా చూసుకోండి.

రమ్య: మరి సెర్చ్‌లో రావాలంటే ఏ మాటలు వాడాలండీ?

సుబ్బారావు: “విరాళం”, “సేవ” అని వెతుక్కుంటూ వచ్చి డబ్బులిచ్చేవాళ్లను నేనైతే చూడలేదు. వాట్సాప్‌లో మీ లింకు అందినవాళ్లు, ఇది నిజమో కాదో చూద్దామని వెతుకుతారు. వాళ్లు కొట్టేది సొసైటీ పేరు, ఊరు, మిర్చి యార్డు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అందుకని సొసైటీ పేరు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నట్టే రెండు లిపుల్లోనూ రాసి, ఇలాంటి ఒక వాక్యం ఇంగ్లీషులో కలపండి:

```
Evening tuition for children of Guntur mirchi yard workers
```

మాటల్ని కుప్పగా పోయకండి, అది స్పామ్ కింద లెక్క. ఒక నెల పోయాక యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్‌కి వెళ్లి ట్రాఫిక్ సోర్స్‌లో యూట్యూబ్ సెర్చ్ చూడండి. జనం నిజంగా ఏ మాట కొట్టి వచ్చారో ఉంటుంది. దాన్ని బట్టి వాక్యం మార్చుకోవచ్చు.

ఇంకోటి. యూపీఐ ఐడీ పక్కనే “చెల్లించే ముందు మీ ఫోన్‌లో ఈ పేరు కనిపించాలి, వేరే పేరు వస్తే ఆపేయండి” అని రాయండి. వీడియో కాపీ చేసి సొంత క్యూఆర్ అతికించేవాళ్లున్నారు. ముందు మీరే ఆ ఐడీ కొట్టి ఏ పేరు వస్తుందో చూడండి.

రమ్య: మా బాబాయి డాలస్ నుంచి పంపుతానంటున్నారు. అదీ ఇదే ఖాతాకా?

సుబ్బారావు: ఆయన దగ్గర ఉన్నది ఇండియా పాస్‌పోర్టా, అమెరికాదా? ఇండియాదే అయితే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరుడైతే వస్తుంది. అప్పుడు మీకు విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ స్టేట్‌బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఉండే ప్రత్యేక ఖాతాలోకే రావాలి. మీకు బంధువు కావచ్చు గానీ సొసైటీకి కాదు. మీ ఆడిటర్‌ని అడగందే తీసుకోకండి. డిస్క్రిప్షన్‌లో “విదేశీ పౌరుల నుంచి విరాళాలు తీసుకోలేం” అని రాయండి.

నాగమణి: కోశాధికారి ఫోన్ నంబర్ కూడా ఇవ్వాలి కదండీ?

కిరణ్: ఇవ్వకూడదు పిన్నీ, లోన్ యాప్ వాళ్లు తినేస్తారు.

సుబ్బారావు: నేనైతే ఇస్తాను. మా ప్రెసిడెంట్ ఒప్పుకోరు, ఈమెయిల్ చాలంటారు. మా దగ్గర ఇంకా తేలలేదు.

రమ్య: అన్నీ మార్చేశానండీ. కానీ ఇప్పుడే వీడియోలో ఉన్న నంబరుకి ఒక రూపాయి పంపబోతే వచ్చిన పేరు మా కోశాధికారి గారి సొంత పేరు! ఆయన్ని అడిగితే, సొసైటీ ఖాతాకి యూపీఐ లేదు, నా ఖాతాలోకి వస్తే బదిలీ చేస్తున్నాను అన్నారు. పాస్‌బుక్‌లో 3,500 జమ కనిపిస్తోంది, ఆయన మీద అనుమానం లేదు.

సుబ్బారావు: లేకపోయినా సరే, కామెంటులో అడిగినవాళ్లు చూసింది ఆ పేరునే అయ్యుంటుంది. ముందు వీడియోని అన్‌లిస్టెడ్ చేయండి. సొసైటీ ఖాతాకి యూపీఐ కావాలని బ్యాంకులో అడగండి, అది వచ్చేదాకా ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇవ్వండి.

రమ్య: నంబర్ వీడియోలోనే ఉంది కదండీ, చివర మూడో నిమిషంలో. మళ్లీ అప్‌లోడ్ చేయాలా?

కిరణ్: అక్కర్లేదక్కా, ఇది నాకు తెలుసు. ఫైల్ మార్చనివ్వదు గానీ, స్టూడియోలో ఎడిటర్ తెరిచి ఆ నంబరు మీద బ్లర్ పెట్టి సేవ్ చెయ్. లింకు అదే ఉంటుంది. ప్రాసెస్ అవడానికి కొంచెం టైమ్ పడుతుంది, మధ్యలో కంగారుపడి మళ్లీ నొక్కకు. నోటితో కూడా నంబర్ చెప్పారా?

రమ్య: చెప్పాం... రెండుసార్లు.

కిరణ్: అయితే బ్లర్ చాలదు, ఆ ముక్కలు ట్రిమ్ చెయ్యాలి. లింకు పంపు, ఏ సెకను నుంచి ఏ సెకను దాకానో చూసి చెప్తా.